తొలగిన అడ్డంకి, ఆగిన అడ్డంకి: టీసీఎస్ ‘25×25’ నిర్ణయంపై బలక్షేత్ర విశ్లేషణ, దిల్‌సుఖ్‌నగర్–ఎల్బీనగర్ నేపథ్యంలో

1. ప్రశ్న, పరిధి

2020 ఏప్రిల్‌లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ (టీసీఎస్) తన ఉద్యోగుల్లో అత్యధికులు ఆఫీసుకు రానక్కర్లేని విధానానికి శాశ్వతంగా మారతామని ప్రకటించింది. గడువు 2025. ఆ గడువుకు ముందే, 2023 అక్టోబర్ 1 నుంచి వారంలో అన్ని పనిదినాలూ ఆఫీసుకు రావాలని ఉద్యోగులకు కబురు అందింది. అంత స్పష్టంగా ప్రకటించిన నిర్ణయం మూడున్నరేళ్లలో ఎందుకు వెనక్కి మళ్లిందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

పరిశీలనకు వాడిన సాధనం బలక్షేత్ర విశ్లేషణ. మేనేజ్‌మెంట్ విద్యార్థులకు ఇది ఫోర్స్ ఫీల్డ్ ఎనాలిసిస్‌గా పరిచయం. పరిశీలనకు తీసుకున్న ప్రాంతం హైదరాబాద్ తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్. ఈ ఎంపికకు కారణం ఉంది. నగరంలో ఐటీ ఆఫీసుల్లో ఎక్కువ భాగం పడమటి వైపు మాదాపూర్, గచ్చిబౌలి చుట్టూ ఉన్నాయి. తూర్పున ఉన్న ఈ రెండు ప్రాంతాలు నివాసాలకూ, హాస్టళ్లకూ, శిక్షణ కేంద్రాలకూ పేరుపడ్డాయి. కాబట్టి ‘ఆఫీసుకు రానక్కర్లేదు’ అన్న మాట బరువు ఇక్కడ బాగా తెలుస్తుంది. పైగా ఇదే కంపెనీకి ఎల్బీనగర్ నుంచి నాగార్జునసాగర్ రోడ్డు మీదుగా వెళ్తే వచ్చే ఆదిభట్లలోనూ ఒక క్యాంపస్ ఉంది. ఒకే కంపెనీ, ఒకే కాలనీ, రెండు వేర్వేరు దూరాలు. పోల్చి చూడటానికి ఇది అనువైన స్థితి.

2. పద్ధతి ఎక్కడ పుట్టింది, తేదీల్లో తేడా ఎందుకు

ఈ పద్ధతికి ఆద్యుడు సామాజిక మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ (1890–1947) అనడంలో వివాదం లేదు. అయితే అది ఎప్పుడు పుట్టిందన్న విషయంలో మూడు తేదీలు వినిపిస్తాయి. చాలా పాఠ్యపుస్తకాలు 1951 అంటాయి. అది లెవిన్ మరణానంతరం డోర్విన్ కార్ట్‌రైట్ సంపాదకత్వంలో వచ్చిన వ్యాస సంపుటి సంవత్సరం. సమూహాల స్థితిని ఎదురెదురు బలాల సమతుల్యంగా వివరించిన ప్రధాన వ్యాసం 1947లో ‘హ్యూమన్ రిలేషన్స్’ పత్రిక తొలి సంచికలో వచ్చింది. అప్పటికే, అంటే 1947 ఫిబ్రవరిలోనే, రచయిత మరణించారు. అంతకు ముందు 1943లో, యుద్ధకాలపు అమెరికాలో ఆహారపు అలవాట్లను మార్చడంపై రాసిన పత్రంలోనూ ఈ ఆలోచన తొలి రూపం కనిపిస్తుంది. ఆలోచన 1943కీ, సిద్ధాంతం 1947కీ, ప్రచారం 1951 తర్వాతి కాలానికీ చెందుతాయనుకుంటే మూడు తేదీలకూ పొంతన కుదురుతుంది.

ఇక నేడు శిక్షణ తరగతుల్లో కనిపించే రూపం మరొకటి. ఒక గీత గీసి, ఎడమ వైపు మార్పును ముందుకు తోసే బలాలు, కుడి వైపు అడ్డుకునే బలాలు రాసి, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా అంకె వేసి, మొత్తాలు కూడి, ఏది ఎక్కువో చూసే ఈ పట్టిక తర్వాతి తరం మేనేజ్‌మెంట్ శిక్షకుల చేతిలో రూపుదిద్దుకున్నదిగా భావించవచ్చు. లెవిన్ ఆసక్తి కూడికల మీద కాక, బలాల స్వభావం మీద ఉంది. ఆయన చెప్పినవాటిలో మూడు విషయాలు మన ప్రశ్నకు నేరుగా వర్తిస్తాయి.

(అ) మార్పును రెండు విధాలుగా సాధించవచ్చు: తోసే బలాన్ని పెంచి, లేదా అడ్డుకునే బలాన్ని తగ్గించి. రెండింటితోనూ చేరే స్థాయి ఒకటే కావచ్చు. కానీ మొదటి దారిలో ఒత్తిడి పెరుగుతుంది, రెండో దారిలో తగ్గుతుంది.

(ఆ) బలాలన్నీ ఒక కోవవి కావు. కొన్ని ఆ వ్యక్తి లేదా సమూహపు సొంత అవసరాల నుంచి పుడతాయి. కొన్ని బయటి అధికారం మోపినవి. మోపిన చేయి తొలగితే రెండో రకం బలం నిలవదు.

(ఇ) బయటి ఊపుతో వచ్చిన మార్పు తరచు కొద్దికాలమే ఉంటుంది. ఊపు తగ్గగానే సమూహం పాత స్థాయికి జారుతుంది. కాబట్టి ఒక స్థాయికి చేరడం ఒక్కటే లక్ష్యం కాకూడదు, అక్కడ నిలవడం కూడా లక్ష్యంలో భాగం కావాలి.

ఈ మూడింటిలో (ఆ), (ఇ) అంశాలే ఈ వ్యాసపు వాదనకు ఆధారం.

3. ఒకే నిర్ణయం, మూడు కథనాలు

విశ్లేషణకు ముందు నిర్ణయం ఏమిటో నిర్ధారించుకోవాలి. ఇక్కడే తొలి చిక్కు ఎదురవుతుంది. ‘25×25’ అనే పేరు జనంలోకి ఒక రూపంలో వెళ్లింది, కంపెనీ చెప్పిన రూపం మరొకటి.

మొదటి కథనం: 2025 నాటికి టీసీఎస్‌లో 75 శాతం మంది శాశ్వతంగా ఇంటి నుంచే పనిచేస్తారు. పత్రికల శీర్షికల్లో ఎక్కువగా కనిపించింది ఇదే. ఉద్యోగుల ఇళ్లలో వినిపించిందీ ఇదే.

రెండో కథనం: కంపెనీ వివరణ ప్రకారం ఇందులో మూడు భాగాలున్నాయి. ఏ సమయంలోనైనా 25 శాతానికి మించి ఉద్యోగులు ఆఫీసులో ఉండనక్కర్లేదు. ఏ ఉద్యోగీ తన పనికాలంలో 25 శాతానికి మించి ఆఫీసులో గడపనక్కర్లేదు. ఒక ప్రాజెక్టు బృందంలో 25 శాతానికి మించి ఒకేచోట ఉండనక్కర్లేదు. ఈ లెక్కన అందరూ కొంత వస్తారు, ఎవరూ పూర్తిగా మానరు. ‘75 శాతం మంది ఇంట్లోనే’ అనడానికీ, ‘ప్రతి ఒక్కరూ నెలకు ఐదారు రోజులు ఆఫీసులో’ అనడానికీ చాలా తేడా ఉంది. మొదటిది నిజమైతే ఉద్యోగి సొంత ఊరికి మకాం మార్చవచ్చు. రెండోది నిజమైతే ఎల్బీనగర్‌లోని అద్దె ఇల్లు ఖాళీ చేయడానికి లేదు.

మూడో కథనం 2021 అక్టోబర్ ప్రాంతంలో వచ్చింది. ముందు 70–80 శాతం ఉద్యోగుల్ని ఆఫీసులకు తిరిగి రప్పించి, ఆ తర్వాతే క్రమంగా 25×25కి వెళ్తామని కంపెనీ నాయకత్వం చెప్పింది. అంటే లాక్‌డౌన్ నాటి ఏర్పాటునే కొనసాగిస్తే శాశ్వత విధానం అవుతుందని కంపెనీ భావించలేదనుకోవాలి.

మూడింటిలో కంపెనీ మాటకు దగ్గరగా ఉన్నవి రెండోది, మూడోది. కాబట్టి ఇది సంపూర్ణ వర్క్ ఫ్రమ్ హోమ్ నిర్ణయం కాదు, దానికి సమీపంలో ఉన్న నిర్ణయం అన్న షరతుతోనే మిగతా విశ్లేషణను చదవాలి.

4. ముందుకు తోసిన బలాలు

4.1 లాక్‌డౌన్. 2020 మార్చి చివరి వారంలో కంపెనీలు ఆఫీసుల్లోని డెస్క్‌టాప్‌లను సైతం ఉద్యోగుల ఇళ్లకు చేర్చాయి. ఏప్రిల్ నాటికి టీసీఎస్‌లోని దాదాపు 4.48 లక్షల మందిలో 90 శాతం దాకా ఇళ్ల నుంచి పనిచేస్తున్నట్టు సంస్థ తెలిపింది. ఈ బలం ఎంత బయటిదో తూర్పు హైదరాబాద్‌లో తేలిగ్గా చూడవచ్చు. మెట్రో 2020 మార్చి 22 నుంచి నిలిచిపోయింది. మియాపూర్–ఎల్బీనగర్ మార్గంలో రైళ్లు తిరిగి నడిచింది సెప్టెంబర్ 7న. మార్చి 25 ప్రాంతంలో హైదరాబాద్‌లోని హాస్టళ్లు ఖాళీ చేయిస్తుండటంతో యువతీయువకులు పోలీస్ స్టేషన్ల ముందు అనుమతి పత్రాల కోసం బారులు తీరారు. వాటితో బయల్దేరిన అనేకమంది ఆంధ్రప్రదేశ్ సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. ఇంటి నుంచి పని చేయడం ఆనాడు ఎంచుకున్న దారి కాదు, మిగిలిన ఒకే దారి.

4.2 ప్రయాణ భారం. ఇది ఉద్యోగుల సొంత అవసరం నుంచి పుట్టిన బలం. అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో మార్గం 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో రైలెక్కినవారు మలక్‌పేట, ఎంజీబీఎస్, నాంపల్లి, ఖైరతాబాద్ మీదుగా అమీర్‌పేట చేరి, అక్కడ రెండో మార్గానికి మారి, మాదాపూర్, హైటెక్ సిటీ దాటి రాయదుర్గంలో దిగాలి. మెట్రో అక్కడితో ఆగుతుంది. గచ్చిబౌలి వెళ్లేవారికి ఆ తర్వాత షేర్ ఆటోయో క్యాబో తప్పదు. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు కుర్చీ దాకా ఒక వైపు గంటంబావు అనుకుని, నెలకు 22 పనిదినాలు వేస్తే, నెలకు 55 గంటలు దారిలోనే గడుస్తాయి. 25×25 కింద నెలకు ఆరు రోజులే వెళ్తే అది 15 గంటలకు తగ్గుతుంది. 40 గంటలు మిగలడమంటే ఒక పని వారం చేతికి తిరిగి రావడమే.

అదే ఎల్బీనగర్ ఉద్యోగి పనిచేసే చోటు ఆదిభట్ల అయితే లెక్క మారుతుంది. బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్ మీదుగా సాగే ఆ దారి ఉదయం నగరంలోకి వచ్చే రద్దీకి ఎదురు దిశలో ఉంటుంది, దూరమూ తక్కువ. కాబట్టి ‘ప్రయాణ భారం’ అని పట్టికలో ఒకే గడిలో రాసి ఒకే అంకె వేయడం పొరపాటు. అది ఉద్యోగి కాలనీని బట్టి కాక, కాలనీకీ కేటాయించిన క్యాంపస్‌కీ మధ్య సంబంధాన్ని బట్టి మారే బలం.

4.3 స్థలం ఖర్చు. తక్కువ మంది వస్తే తక్కువ చదరపు అడుగులు చాలు. ఇది కంపెనీ సొంత బలం. అయితే పెద్ద క్యాంపస్‌లను సొంతంగా కట్టుకున్న సంస్థకు ఖాళీగా ఉన్నా ఆ ఖర్చు పూర్తిగా పోదు. కాబట్టి అద్దె ఆఫీసుల్లో నడిచే చిన్న కంపెనీ కంటే ఇక్కడ ఈ బలం కొంత తక్కువేనని ఊహించవచ్చు.

4.4 అనుభవం. కొన్ని వారాల్లోనే పని ఆగకుండా నడిచిందన్న నిరూపణ లభించింది. ఇదీ నిజమైన బలమే. అయితే 2020 ఏప్రిల్ నాటికి ఆ అనుభవం వయసు కొన్ని వారాలే.

5. అడ్డుకున్న బలాలు: తొలగినవి, ఆగినవి

అడ్డంకుల పరిశీలనలో ఒక తేడాను పట్టుకోవడం అవసరం. కొన్ని అడ్డంకులు పూర్తిగా తొలగుతాయి. కొన్ని కొంతకాలం పనిచేయకుండా ఆగుతాయి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

5.1 నిబంధనలు. రెండు నిబంధనల చరిత్రను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది.

మొదటిది టెలికాం శాఖ ‘అదర్ సర్వీస్ ప్రొవైడర్’ (ఓఎస్‌పీ) నిబంధనలు. కాల్ సెంటర్లు, బీపీఓలు, ఆ కోవ ఐటీ సేవల సంస్థలు రిజిస్ట్రేషన్, బ్యాంక్ గ్యారంటీ వంటి షరతులకు లోబడితే తప్ప ఉద్యోగి ఇంటిని పనిచోటుగా చూపలేని స్థితి ఉండేది. 2020 మార్చి 13న ఆ శాఖ తాత్కాలిక సడలింపు ఇచ్చింది, తర్వాత గడువు పొడిగిస్తూ వచ్చింది. ఆ ఏడాది నవంబర్ 5న కొత్త మార్గదర్శకాలతో ఆ షరతుల్లో ముఖ్యమైనవాటిని ఎత్తివేసింది. 2021 జూన్ 23న మరింత సరళం చేసింది. ఇది మొదట ఆగి, తర్వాత తొలగిన అడ్డంకి.

రెండోది ప్రత్యేక ఆర్థిక మండళ్ల (సెజ్) నిబంధనలు. పన్ను రాయితీలు పొందే సెజ్ యూనిట్‌లో పని ఆ ఆవరణలో జరగాలన్నది మూల భావన. 2022 జూలైలో 43ఎ నిబంధన చేర్చి, సగం మంది దాకా, గరిష్ఠంగా ఏడాదిపాటు ఇంటి నుంచి పనిచేయవచ్చన్నారు. డిసెంబర్‌లో దాన్ని అందరికీ విస్తరించారు, కానీ 2023 డిసెంబర్ 31 దాకా అని గడువు పెట్టారు. ఆ గడువు తర్వాత మళ్లీ పొడిగించారు. ఇక్కడ అనుమతి ఎంత విశాలమైనా దాని పక్కన ఎప్పుడూ ఒక తేదీ ఉంది. ఇది ఆగిన అడ్డంకి మాత్రమే. తేదీ ఉన్న అనుమతి మీద ‘శాశ్వత’ నిర్ణయం నిలబెట్టడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

5.2 క్లయింట్ల భద్రతా షరతులు. బ్యాంకులు, బీమా సంస్థలు తమ సమాచారాన్ని చూసే గదుల విషయంలో కఠినంగా ఉంటాయి. ఐడీ కార్డు గీస్తే తప్ప తెరుచుకోని ఓడీసీ, లోపలికి ఫోన్ తీసుకెళ్లరాదన్న నియమం ఐటీ ఉద్యోగులకు సుపరిచితం. 2020 మార్చిలో క్లయింట్లు ఇంటి నుంచి పనికి అనుమతులిచ్చారు. టీసీఎస్ తన సురక్షిత ఏర్పాటుకు ‘సెక్యూర్ బోర్డర్‌లెస్ వర్క్‌స్పేసెస్’ అని పేరు పెట్టింది. దీనితో సాంకేతిక అడ్డంకి కొంత నిజంగానే తగ్గింది. అయితే అత్యవసర వేళ ఇచ్చిన అనుమతి, ఒప్పందంలో శాశ్వతంగా చేరిన షరతు ఒకటి కావు.

5.3 కొత్తవారి నేర్చుకోలు. 2020 ఏప్రిల్‌లో ఈ అడ్డంకి దాదాపు కనబడలేదు, ఎందుకంటే అప్పటి ఉద్యోగులు ఆఫీసులో ఒకరినొకరు ఎరిగినవారే. తర్వాత పరిస్థితి మారింది. 2020 మార్చి చివరికి సుమారు 4.48 లక్షలుగా ఉన్న సిబ్బంది 2023 మార్చి నాటికి 6,14,795కు చేరింది. ఒక్క 2021–22లోనే నికరంగా లక్షకు పైగా చేరారు. వీరిలో పెద్ద భాగం కాలేజీ నుంచి నేరుగా వచ్చినవారు. ఎల్బీనగర్‌లోని రెండు పడకగదుల ఇంటిని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఒక గదిలో ఆన్‌లైన్ తరగతి, హాల్లో టీవీ, మిగిలిన గదిలో మంచం అంచున లాప్‌టాప్‌తో కొత్త ఉద్యోగి. కోడ్‌లో తప్పు దొర్లినప్పుడు పక్క కుర్చీలోని సీనియర్‌ను అడిగితే రెండు నిమిషాల్లో తేలేది, మెసేజ్ పెట్టి ఎదురుచూస్తే సాయంత్రమవుతుంది. కొత్తవారి వాటా పెరిగేకొద్దీ ఈ అడ్డంకి పెరుగుతుంది. అంటే ఇది స్థిరమైన బలం కాదు, నియామకాలతోపాటు ఎదిగే బలం. 2020లో వేసిన పట్టికను 2022లో మళ్లీ వేయకపోతే ఇది కనిపించదు.

5.4 పర్యవేక్షణ అలవాటు, నమ్మకం. 2022లో దేశమంతటా మూన్‌లైటింగ్ వివాదం రేగింది. ఆ సెప్టెంబర్‌లో విప్రో 300 మందిని ఆ కారణంగా తొలగించినట్టు దాని ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ వెల్లడించారు. ఎదురుగా కనబడని ఉద్యోగిపై మేనేజర్లకుండే అనుమానం మహమ్మారి కాలంలో పోలేదనీ, మాటల్లోకి రాకుండా ఉందనీ దీన్నిబట్టి అనుకోవచ్చు.

6. అంకెలు వేసి చూస్తే

కింది అంకెలు విశ్లేషకుడి అంచనాలు మాత్రమే, కొలతలు కావు. వాటి ఉపయోగం పద్ధతి ఎలా పనిచేస్తుందో, ఎక్కడ తప్పుతుందో చూపడం వరకే.

6.1 2020 ఏప్రిల్‌లో కనిపించినట్టు. తోసేవి: లాక్‌డౌన్ 5, స్థలం ఖర్చు 2, ప్రయాణ భారం 3, అనుభవం 2. మొత్తం 12. అడ్డుకునేవి: నిబంధనలు 1, క్లయింట్ షరతులు 1, నేర్చుకోలు 1, పర్యవేక్షణ 2. మొత్తం 5. నిర్ణయం తేలికగా కనిపిస్తుంది.

6.2 అదే నెలలో మరో రకంగా. బయటి బలమైన లాక్‌డౌన్‌ను తీసివేస్తే తోసే మొత్తం 7. ఆగిన అడ్డంకులను వాటి పాత బలంతో వేస్తే నిబంధనలు 4, క్లయింట్ షరతులు 3, నేర్చుకోలు 2, పర్యవేక్షణ 3. మొత్తం 12. ఇప్పుడు మొగ్గు పూర్తిగా అడ్డుకునే వైపు తిరిగింది. ఈ రెండో లెక్కకు భవిష్యత్తు తెలియనక్కర్లేదు. బలాల స్వభావాన్ని అడిగితే ఆనాడే వేయగలిగేది.

6.3 2023 అక్టోబర్. తోసేవి: లాక్‌డౌన్ 0, స్థలం 2, ప్రయాణం 2, అనుభవం 3. మొత్తం 7. అడ్డుకునేవి: ఓఎస్‌పీ తొలగి, సెజ్ తేదీతో ఉన్నందున నిబంధనలు 2, క్లయింట్ షరతులు 2, నేర్చుకోలు 4, పర్యవేక్షణ 3. మొత్తం 11.

6.4 పరిమితి. ఇదే 2023 పట్టికను చైతన్యపురి నుంచి రోజూ గచ్చిబౌలి వెళ్లే ఉద్యోగి వేస్తే ప్రయాణానికి 2 బదులు 5, నేర్చుకోలుకు 4 బదులు 2 వేయవచ్చు. అప్పుడు 10కి 9, ఫలితం తారుమారు. రెండు అంకెలు మారితే తీర్పు మారిందంటే, మొత్తాల మీద ఆధారపడరాదనే అర్థం. ఏ లెక్కలోనూ మారనిది ఒకటే: లాక్‌డౌన్ సున్నా అయింది.

ఇక్కడే మరో ప్రశ్న వస్తుంది. ప్రయాణానికి వేసిన అంకె 6.3లో 3 నుంచి 2కు ఎందుకు తగ్గింది? ఉద్యోగి దారిలో గడిపే గంటలు తగ్గలేదు కదా? తగ్గింది ఆ భారం కంపెనీ నిర్ణయం దాకా చేరే మార్గం. ఉద్యోగి ఇబ్బంది కంపెనీకి తాకేది ముఖ్యంగా రాజీనామా రూపంలో. టీసీఎస్ ప్రకటించిన వలసల రేటు (అట్రిషన్) 2022 జూలై–సెప్టెంబర్ త్రైమాసికంలో 21.5 శాతం. ఏడాది తర్వాత అదే త్రైమాసికంలో 14.9 శాతం. మానేసి వెళ్లడానికి బయట ఉద్యోగాలు తగ్గినప్పుడు, దిల్‌సుఖ్‌నగర్ ప్లాట్‌ఫారం మీది అలసట కంపెనీ పట్టికలో చిన్న అంకె అవుతుంది. రెండూ ఒకే కాలంలో జరగడం ఒకటి మరొకదానికి కారణమని నిరూపించదు, అయితే పై వివరణకు అది అనుకూలంగా ఉంది.

7. ప్రత్యామ్నాయ వివరణల పరిశీలన

7.1 నాయకత్వ మార్పు. 25×25 ప్రకటించిన కాలపు సీఈఓ రాజేష్ గోపీనాథన్ 2023 మార్చిలో రాజీనామా ప్రకటించారు. జూన్‌లో కె. కృతివాసన్ బాధ్యతలు తీసుకున్నారు. అక్టోబర్‌లో అయిదు రోజుల విధానం వచ్చింది. ఈ వరుస చూసి కొత్త నాయకుడి వల్లే విధానం మారిందని అనేవారున్నారు. కానీ వారానికి మూడు రోజులు రావాలన్న రోస్టర్ 2022 సెప్టెంబర్ నాటికే, అంటే పాత సీఈఓ కాలంలోనే వచ్చింది. సీనియర్లను అంతకు ముందే పిలవడం మొదలైంది. నాయకత్వ మార్పు వేగం పెంచి ఉండవచ్చు, దిశ మాత్రం అంతకు ముందే తిరిగింది.

7.2 ఉత్పాదకత తగ్గిందన్న వాదన. ఇది నిజమైతే 4.4లోని అనుభవ బలం బలహీనపడాలి. కానీ ఇంటి నుంచి పనిచేసిన కాలంలోనే కంపెనీ లక్షన్నరకు పైగా సిబ్బందిని నికరంగా పెంచుకుంది. పని కుంటుపడితే అంత విస్తరణ సాధ్యమయ్యేది కాదు. కంపెనీ మాటల్లోనూ ఎక్కువగా వినిపించింది కొత్తవారికి సంస్థ సంస్కృతి అలవడటం గురించే. అందువల్ల ఈ వివరణ కంటే 5.3 బలంగా కనిపిస్తోంది.

7.3 ఒక సంస్థకే పరిమితమా? 2020 మేలో ‘ఎప్పటికీ ఇంటి నుంచే’ అన్న ట్విటర్‌లో, యాజమాన్యం మారాక 2022 నవంబర్‌లో ఆ మాట రద్దయింది. మరోవైపు 2005లో మొదలైనప్పటి నుంచీ దూరం నుంచే పనిచేసే ఆటోమాటిక్ సంస్థ, ఎవరూ రావడం లేదని 2017లో శాన్ ఫ్రాన్సిస్కో ఆఫీసునే మూసేసింది. నియామకం, శిక్షణ, పర్యవేక్షణ మొదటి నుంచీ దూరం కోసమే కట్టుకున్నచోట అడ్డుకునే బలాలు గట్టిపడే అవకాశమే తక్కువ. పరిమాణంలో ఈ సంస్థలకు టీసీఎస్‌తో పోలిక లేదు కాబట్టి దీన్ని సూచనగా మాత్రమే తీసుకోవాలి.

8. తిరుగు మార్గంలోనూ అదే పొరపాటు

ఆఫీసుకు తిరిగి రప్పించడం కూడా ఒక మార్పే. దానికీ బలక్షేత్రం ఉంటుంది. 2023 జూన్‌లో వెలువడ్డ 2022–23 వార్షిక నివేదికలో, మహిళల వలసలు పురుషుల కంటే ఎక్కువయ్యాయనీ, ఇది మునుపటి ధోరణికి భిన్నమనీ కంపెనీ అప్పటి మానవ వనరుల అధిపతి మిలింద్ లక్కడ్ పేర్కొన్నారు. మహమ్మారి కాలంలో ఇంటి నుంచి పని వల్ల కొందరు మహిళల గృహ ఏర్పాట్లు మారి ఉంటాయన్నది ఆయన ఊహ. దాన్ని ఊహగానే ఆయన చెప్పారు, ఇక్కడా అలాగే తీసుకోవాలి. నిజమైతే అర్థం ఇది: మూడేళ్లలో బిడ్డను చూసుకునే పద్ధతి, వృద్ధుల సంరక్షణ, అద్దె ఇంటి చోటు అన్నీ కొత్త స్థాయి చుట్టూ గట్టిపడ్డాయి.

ఆ అడ్డంకిని తగ్గించే దారి ఉంది. ఇంటికి దగ్గరి క్యాంపస్ కేటాయించడం అందులో ఒకటి. ఐటీని పడమటి నుంచి ఇతర దిక్కులకు విస్తరించాలని తెలంగాణ ప్రభుత్వం 2020 డిసెంబర్‌లో తెచ్చిన గ్రిడ్ విధానం కూడా ఆ దిశలోనిదే. కానీ 2024 ఏప్రిల్ నాటికి కంపెనీ ఎంచుకున్నది హాజరును వేరియబుల్ పేకు ముడిపెట్టడం. 60 శాతం లోపు హాజరైతే ఏమీ రాదు, 85 శాతం దాటితే పూర్తిగా వస్తుంది, మధ్యలో తరగతులవారీ కోత. లెవిన్ మాటల్లో ఇది తోసే బలాన్ని పెంచే దారి. హాజరు పెరుగుతుంది, ఒత్తిడీ పెరుగుతుంది.

9. నిర్ధారణలు

(1) 25×25 వెనక్కి మళ్లడానికి ప్రధాన కారణం అది తప్పుడు ఆలోచన కావడం కాదనిపిస్తోంది. ప్రయాణ భారం, అనుభవం వంటి దాని సొంత బలాలు 2023లోనూ ఉన్నాయి. లాక్‌డౌన్ ఆపిన అడ్డంకులను తొలగిన అడ్డంకులుగా లెక్కించడం వల్ల నిర్ణయం అసలు కంటే తేలికగా కనిపించిందన్నది లభ్యమైన ఆధారాలకు సరిపోయే వివరణ.

(2) ఓఎస్‌పీ, సెజ్ నిబంధనల మధ్య తేడా ఈ వివరణకు గట్టి ఆధారం. ఒకటి ఎత్తివేత, మరొకటి పొడిగింపు. పట్టికలో రెండింటినీ ‘సడలింపు’ అని ఒకే వరుసలో రాస్తే విశ్లేషణ అక్కడే తప్పుతుంది.

(3) ఎవరి బలక్షేత్రమో ముందే తేల్చుకోవాలి. ఎల్బీనగర్ ఉద్యోగి భారం కంపెనీ నిర్ణయంలోకి వలసల రేటు ద్వారా మాత్రమే ప్రవేశిస్తే, ఉద్యోగాల మార్కెట్ మారిన రోజున అది నిశ్శబ్దంగా తప్పుకుంటుంది.

(4) శాశ్వతంగా రిమోట్‌కు మారాలనుకునే సంస్థ ప్రతి అడ్డంకి ఎదుట అంకె వేసే ముందు మూడు ప్రశ్నలు రాసుకోవడం మేలు. దీన్ని ఆపింది ఎవరు? తిరిగి మోపే అధికారం ఎవరి చేతిలో ఉంది? అనుమతి పక్కన తేదీ ఉందా? మూడో ప్రశ్నకు ఔనని జవాబు వస్తే, ఆ అడ్డంకి తగ్గినట్టు కాదు. దాని పూర్తి బలాన్నే పట్టికలో వేసి, ఆ తేదీలోగా దాన్ని తొలగించే పనిని నిర్ణయంలో భాగం చేయాలి. నియామకాలు పెరిగిన ప్రతి ఏడాదీ పట్టికను మళ్లీ వేయాలి. అప్పటికీ తోసే బలాలు ఎక్కువగా ఉంటేనే ఆ నిర్ణయాన్ని శాశ్వతం అని ఉద్యోగులకు చెప్పడం న్యాయం. ఆ మాట నమ్మి ఇల్లు మార్చుకునేదీ, పిల్లల బడి మార్చుకునేదీ వాళ్లే కనుక.